ఖాళీ మిషన్లు ఉన్నప్పుడు లోపలి ధర ఎంత ఉండాలి? కనిష్ఠం, గరిష్ఠం కట్టే పద్ధతి

ఒకే కంపెనీ, ఒకే ప్రహరీ గోడ. ఒక షెడ్డులో పచ్చళ్లు పెడతారు, పక్క షెడ్డులో అట్టపెట్టెలు చేస్తారు. నెలవారీ మీటింగులో పచ్చళ్ల మేనేజర్ బయటి సప్లయర్ ఇచ్చిన కొటేషన్ తీసి బల్ల మీద పెట్టాడు. పెట్టె 36 రూపాయలు, గేటు దగ్గరకు తెచ్చి ఇస్తాడు. పెట్టెల మేనేజర్ తన కాస్ట్ షీట్ తీశాడు. ఖర్చు 33, దాని మీద పది శాతం లాభం, మొత్తం 36 రూపాయల 30 పైసలు.

"మీ సొంత పక్కింటికి ముప్పై పైసలు ఎక్కువేస్తారా సార్?" అన్నాడు పచ్చళ్లాయన.

"నేను నష్టానికి ఇవ్వలేను కదండీ. మా రిపోర్టు కూడా ఎండీగారే చూస్తారు."

ఆర్డర్ బయటికి పోయింది. అదే నెలలో పెట్టెల షెడ్డులో మిషన్లు దాదాపు మూడో వంతు టైము ఖాళీగా ఉన్నాయి. ఒకే కంపెనీలో ఒక విభాగం ఇంకో విభాగానికి సరుకు ఇచ్చేటప్పుడు వేసే ధరే లోపలి ధర. దాని మీద ఆ ముప్పై పైసల పట్టుదల కంపెనీకి ఎంతకు పడిందో ఇక్కడ కడదాం. అంకెలు లెక్క సులువుగా నడవడానికి నేను కూర్చినవి. తంతు మాత్రం నేను కాస్టింగ్ పనిలో ఒకటికి రెండుసార్లు చూసిందే.

ముందు కాగితం మీద ఉండాల్సిన అంకెలు

పెట్టెల విభాగం నెలకు లక్ష పెట్టెలు చేయగలదు. బయటి పార్టీలకు 70,000 అమ్ముతోంది, ధర 40 రూపాయలు. ఒక పెట్టెకు క్రాఫ్ట్ పేపర్, గమ్, పిన్నులు, ఇంకు, కరెంటు, పీసు రేటు కూలి అన్నీ కలిపి 28 రూపాయలు అవుతాయి. ఇది పెట్టె చేస్తేనే అయ్యే ఖర్చు, చేయకపోతే కాదు. దీన్నే చర వ్యయం అంటాం. బయటికి అమ్మేటప్పుడు రవాణా, ఏజెంటు కమీషన్ కింద ఇంకో 3 రూపాయలు పోతాయి. షెడ్డు అద్దె, నెల జీతాలు, మిషన్ల తరుగుదల లాంటి స్థిర వ్యయం నెలకు 5 లక్షలు. లక్ష పెట్టెల మీద పంచితే పెట్టెకు 5 రూపాయలు. మేనేజర్ చెప్పిన 33 ఇలా వచ్చింది, 28కి 5 కలిపి.

పచ్చళ్ల విభాగానికి నెలకు 20,000 పెట్టెలు కావాలి. పెట్టెలో పన్నెండు సీసాలు. పెట్టె సరుకు డిస్ట్రిబ్యూటర్‌కు 1,500 రూపాయలకు వెళుతుంది. అట్టపెట్టె కాకుండా కాయ, నూనె, కారం, సీసాలు, రవాణా వగైరా చర వ్యయం 1,340.

మొదటి మెట్టు: ఖాళీ నిజంగా ఖాళీయేనా?

లక్షలోంచి 70,000 తీసేస్తే 30,000 ఖాళీ. కావలసింది 20,000. సరిపోయింది అనిపిస్తుంది. ఇక్కడే ఒక నిమిషం ఆగాలి.

సామర్థ్యాన్ని పెట్టెల లెక్కన కాదు, ఇరుకైన మిషను టైము లెక్కన కొలవాలి. చిన్న షెడ్డుల్లో ఆ ఇరుకు సాధారణంగా కాగితాన్ని మెలికలు తిప్పే కొరుగేషన్ మిషను దగ్గర ఉంటుంది. మూడు పొరల అట్టకు మెలికల పొర ఒకటి చాలు. ఐదు పొరల అట్టకు రెండు కావాలి, అంటే ఒక్కో పెట్టెకు ఆ మిషను మీద రెండింతలు మెలికల కాగితం నడవాలి. గాజు సీసాల పచ్చడికి ఐదు పొరల పెట్టె అడిగితే 20,000 పెట్టెలు 40,000 పెట్టెల చోటు తింటాయి. ఖాళీ 30,000 మాత్రమే. మనం ఖాళీ అనుకున్నది ఇట్టే మాయమవుతుంది. మన ఉదాహరణలో లోపలికీ బయటికీ ఒకే సైజు మూడు పొరల పెట్టె అనుకుందాం, కాబట్టి పెట్టెలు లెక్కపెడితే చాలు.

ఇంకో ప్రశ్న, ఆ ఖాళీ టైములో ఇప్పుడు ఏం జరుగుతోంది? కొందరు ఖాళీ మిషన్ల మీద ఇతరులకు జాబ్ వర్క్ చేస్తుంటారు. రిపోర్టులో ఆ టైము ఖాళీగానే కనిపిస్తుంది, డబ్బు మాత్రం వస్తుంటుంది. అలా పెట్టెకు 2 రూపాయలు మిగులుతుంటే, ఆ పని మాని లోపలికి ఇచ్చినప్పుడు ఆ 2 పోతాయి. మన దగ్గర ఆ పని లేదు, మిషన్లు నిజంగానే ఆగి ఉన్నాయి.

రెండో మెట్టు: అమ్మే విభాగం కనిష్ఠ ధర

సూత్రం చిన్నదే. కనిష్ఠ ధర అంటే లోపలికి ఇవ్వడం వల్ల పెరిగే ఖర్చు, దానికి తోడు ఇవ్వడం వల్ల వదులుకునే కంట్రిబ్యూషన్, అంటే అమ్మకం ధరలోంచి చర వ్యయం పోగా మిగిలేది. ఇక్కడ పెరిగే ఖర్చు 28. వదులుకునేది ఏమీ లేదు, బయటి 70,000 ఎలాగూ అమ్ముతూనే ఉంటారు. కాబట్టి కనిష్ఠం 28.

ఆ 3 రూపాయల రవాణా, కమీషన్ ఇందులోకి రావు, పక్క షెడ్డుకు ఏజెంటు అక్కర్లేదు. 5 రూపాయల స్థిర వ్యయం కూడా రాదు. ఎక్కువమంది గొడవపడేది దీని దగ్గరే. "అద్దె ఎవరు కడతారు మరి?" అంటారు. అద్దె ఈ ఆర్డర్ వచ్చినా కట్టాలి, రాకపోయినా కట్టాలి. 28 మీద వచ్చే ప్రతి రూపాయీ ఆ అద్దెకు సాయమే తప్ప భారం కాదు.

అయితే స్థిర వ్యయం అని పేరు పెట్టినంత మాత్రాన అన్నీ వదిలేయకూడదు. ఈ 20,000 కోసం రాత్రి షిఫ్టు పెట్టి, కొత్తగా సూపర్‌వైజర్‌ను 30,000 జీతానికి పెట్టుకోవాల్సి వస్తే అది ఈ ఆర్డర్ వల్లే పెరిగిన ఖర్చు. పెట్టెకు రూపాయిన్నర పడుతుంది, కనిష్ఠం 29.50 అవుతుంది. తేడా పట్టుకోవడానికి ఒకే ప్రశ్న: ఈ ఆర్డర్ లేకపోతే ఈ డబ్బు చేతిలోంచి పోతుందా, పోదా? మన షెడ్డులో పగటి షిఫ్టులోనే టైము ఉంది కాబట్టి 28 దగ్గరే ఉందాం.

కాగితం ధర విషయంలో ఒక జాగ్రత్త. గోడౌన్‌లో పాత ధరకు కొన్న రీళ్లు ఉన్నా, ఈ లెక్కలో వాడాల్సింది మళ్లీ కొనాలంటే ఈరోజు పెట్టాల్సిన ధర. పేపర్ ధర పెరుగుతున్న నెలల్లో పాత ధర వేసుకుంటే కనిష్ఠం తక్కువగా కనిపించి మోసపోతాం.

మూడో మెట్టు: కొనే విభాగం గరిష్ఠ ధర

పచ్చళ్ల విభాగం ఎంతవరకు పెట్టగలదు? రెండు హద్దులున్నాయి. ఒకటి, బయట దొరికే ధర. రెండోది, తుది సరుకు అమ్మాక పెట్టె కోసం మిగిలే డబ్బు. రెండింట్లో ఏది తక్కువైతే అదే గరిష్ఠం.

బయటి ధర అంటే కొటేషన్ మీద రాసిన అంకె కాదు, సరుకు మన గోడౌన్‌లో దిగేసరికి పడే ధర. రవాణా మనదైతే కలపాలి. తడిసి, నలిగి వెనక్కి పోయే పెట్టెల నష్టం కలపాలి. జీఎస్టీ క్రెడిట్ పూర్తిగా దొరికేవాళ్లు పన్ను లేని ధరతోనే పోల్చుకోవాలి. లోపలి ఖర్చు పన్ను లేకుండా, బయటి ధర పన్నుతో పెట్టి పోల్చినవాళ్లను చూశాను, ఎప్పుడూ లోపలిదే చవగ్గా కనిపిస్తుంది. మన కొటేషన్ గేటు దగ్గర దించే ధర, పన్ను కాకుండా 36.

రెండో హద్దు 1,500 లోంచి 1,340 తీసేస్తే 160. పెట్టెకు 160 పెట్టినా పచ్చడి మీద చర వ్యయం మొత్తం వెనక్కి వస్తుంది. కానీ బయట 36కే దొరుకుతుంటే 160 ఎవడిస్తాడు? గరిష్ఠం 36.

హద్దులు తేలాయి, 28 నుంచి 36. ఈ మధ్యలో ఏ ధర పెట్టినా పెట్టె లోపలే తయారవుతుంది. కంపెనీ మొత్తానికి పెట్టెకు 8 చొప్పున 20,000 పెట్టెలకు నెలకు 1,60,000 మిగులుతుంది. బయట కొంటే 7,20,000 చెక్కు రాయాలి, లోపల చేస్తే కొత్తగా అయ్యే ఖర్చు 5,60,000. మీటింగులో పోగొట్టుకున్నది ఇదీ, ముప్పై పైసలు కాదు.

మార్కెట్ ధర పెట్టుకుంటే సరిపోయేది కదా అనిపించవచ్చు. బయటికి అమ్మే ధర 40 లోంచి 3 తీసేసినా 37. అదీ 36 దాటింది, ఆర్డర్ మళ్లీ బయటికే పోతుంది. బయటి గిరాకీ నిండుగా ఉన్నప్పుడు మార్కెట్ ధర చక్కగా పనిచేస్తుంది, మిషన్లు ఖాళీగా ఉన్నప్పుడు తప్పు దారి చూపిస్తుంది.

నాలుగో మెట్టు: ఖాళీ కొంతవరకే సరిపోతే

మామిడికాయ సీజన్ వచ్చింది. పచ్చళ్ల విభాగానికి ఒక్కసారిగా 45,000 పెట్టెలు కావాలి. ఖాళీ 30,000 దగ్గరే ఉంది. మిగతా 15,000 ఇవ్వాలంటే బయటి పార్టీలకు అన్ని పెట్టెలు తగ్గించాలి. ఒక్కో బయటి పెట్టె మీద కంట్రిబ్యూషన్ 40 లోంచి 28, 3 తీసేస్తే 9 రూపాయలు.

కాబట్టి కనిష్ఠం రెండు ముక్కలవుతుంది. మొదటి 30,000కి 28. ఆ పైన 15,000కి 28తో పాటు వదులుకునే 9, అంటే 37. గరిష్ఠం 36 కదా, ఈ రెండో ముక్కకు కనిష్ఠమే గరిష్ఠాన్ని దాటేసింది. ఇద్దరికీ కుదిరే ధర లేదు, ఉండకూడదు కూడా. ఆ 15,000 బయట కొనడమే కంపెనీకి మేలు.

బయటి సప్లయర్ "15,000 అయితే నాకొద్దు, మొత్తం 45,000 నాకే ఇవ్వండి" అన్నాడనుకుందాం. అప్పుడు రెండే దారులు, అన్నీ లోపల లేదా అన్నీ బయట. 45,000కి కలిపి సగటు కనిష్ఠం చూడాలి. వదులుకునే మొత్తం 15,000 పెట్టెలకు 9 చొప్పున 1,35,000. దాన్ని 45,000 మీద పంచితే పెట్టెకు 3. కనిష్ఠం 31. ఇది 36 కంటే తక్కువ కాబట్టి లోపల చేయడమే మంచిది, కంపెనీకి 2,25,000 మిగులుతుంది. విడగొట్టి కొనే వీలుంటే 2,40,000 మిగిలేది. ఆ 15,000 తేడా కోసమైనా సప్లయర్‌తో ఇంకోసారి మాట్లాడాలి, లేదా ఇంకో సప్లయర్‌ను చూసుకోవాలి. సగటు లెక్కతో వచ్చే చిక్కు ఇదే. 31 చూసి అంతా బాగుందనిపిస్తుంది, చివరి 15,000 పెట్టెల్లో రూపాయి చొప్పున కారిపోతున్నది కనపడదు.

ఎక్సెల్‌లో పెట్టుకోవాలంటే B1లో సామర్థ్యం, B2లో బయటి అమ్మకం, B3లో లోపలి అవసరం, B4లో చర వ్యయం, B5లో బయటి పెట్టె మీద కంట్రిబ్యూషన్, B6లో బయటి కొనుగోలు ధర, B7లో తుది సరుకు మీద మిగిలేది వేయండి. మొదటి వరుస సగటు కనిష్ఠం, రెండోది గరిష్ఠం.

```
=B4+B5*MAX(0,B2+B3-B1)/B3
=MIN(B6,B7)
```

B3లో 20,000 వేస్తే 28, 45,000 వేస్తే 31 రావాలి. రాకపోతే గడులు తప్పాయన్నమాట.

ఐదో మెట్టు: హద్దుల మధ్య ఎక్కడ ఆగాలి

మామూలు నెలకు, 20,000 పెట్టెలకు వెనక్కి వద్దాం. సరిగ్గా 28 పెడితే పెట్టెల మేనేజర్‌కు ఒరిగేది ఏమీ లేదు. అర్జెంటు అన్న రోజు ఎవరి పెట్టెలు ముందు కుడతారో మీరే ఊహించండి. సరిగ్గా 36 పెడితే పచ్చళ్లాయనకు లోపల కొన్నా బయట కొన్నా ఒకటే. చాలా కంపెనీల్లో మధ్యకు వచ్చి 32 దగ్గర ఆగుతారు. అప్పుడు ఇద్దరి రిపోర్టులోనూ 80,000 చొప్పున మెరుగు కనిపిస్తుంది. వినడానికి న్యాయంగానే ఉంది. నాకు మాత్రం దీని మీద ఒక అభ్యంతరం ఉంది.

ఒక సూపర్ మార్కెట్ వాళ్లు తమ సొంత లేబుల్‌తో నెలకు 5,000 పెట్టెల పచ్చడి అడిగారనుకోండి. లేబుళ్లు వాళ్లవే, లారీ వాళ్లదే. వాళ్లిచ్చే ధర 1,340, అట్టపెట్టె కాకుండా మనకయ్యే చర వ్యయం 1,310. పెట్టె కోసం మిగిలేది 30. ఈ ఆర్డర్ వరకు గరిష్ఠం 36 కాదు, 30. రెండో హద్దును చాలామంది ఏడాదికి ఒకసారి చూసి వదిలేస్తారు, నిజానికి అది ఆర్డర్ ఆర్డర్‌కూ మారుతుంది.

లోపలి ధర 32 అని అచ్చేసి పెట్టారు కాబట్టి పచ్చళ్ల మేనేజర్ లెక్కలో పెట్టెకు 2 రూపాయలు నష్టం. ఆర్డర్ వద్దంటాడు. ఆయన తప్పేమీ లేదు, ఆయన ముందున్న ధరే తప్పు చెబుతోంది. కంపెనీకి నిజంగా అయ్యేది 28, వచ్చేది 30. ఖాళీ సామర్థ్యం ఇంకా 10,000 ఉంది. నెలకు 10,000 రూపాయలు వదులుకున్నట్టే. పైగా ఈ నష్టం ఏ రిపోర్టులోనూ కనిపించదు, రాని ఆర్డర్‌కు వోచరు ఉండదు కదా. వాళ్లు ఇంకా బేరమాడి మిగిలేది 27కి దిగితే అప్పుడు వద్దనడమే సరి. కనిష్ఠం 28 ఆ మాటే చెబుతోంది.

ఈ చిక్కుకు నాకు నచ్చిన మందు ధరను రెండు భాగాలు చేయడం. పెట్టెకు 28 చొప్పున, ఎన్ని తీసుకుంటే అన్నిటికి. దానికి తోడు నెలకు ఒక మొత్తం, ఉదాహరణకు 80,000, ఖాళీ సామర్థ్యాన్ని అట్టే పెట్టినందుకు. 20,000 పెట్టెల నెలలో ఇద్దరికీ 32 పెట్టినప్పుడు వచ్చిన ఫలితమే వస్తుంది. సూపర్ మార్కెట్ ఆర్డర్ వచ్చినప్పుడు మాత్రం పచ్చళ్ల మేనేజర్ ముందు కనిపించే అంకె 28, కాబట్టి ఆర్డర్ తీసుకుంటాడు. నెల మొత్తం ఎంత ఉండాలన్నది సున్నాకీ 1,60,000కీ మధ్య ఇద్దరూ కూర్చుని తేల్చుకోవాల్సిందే. అది పంపకం మాత్రమే, దానివల్ల కంపెనీ లాభం మారదు.

ఇంకో పద్ధతి కూడా ఉంది. అమ్మేవాడి ఖాతాలో 36 జమ, కొనేవాడి ఖాతాలో 28 ఖర్చు వేసి, తేడాను హెడ్డాఫీసు పుస్తకాల్లో కొట్టేస్తారు. గొడవలు ఆగుతాయి. కానీ రెండు విభాగాల లాభాలు కలిపితే కంపెనీ లాభం కంటే ఎక్కువ కనిపిస్తుంది, ఖర్చు తగ్గించాలన్న ఒత్తిడి ఇద్దరికీ పోతుంది. కొద్ది నెలలకు తాత్కాలికంగా తప్ప నేను దీన్ని సిఫారసు చేయను.

ఏ పద్ధతి పెట్టినా ఆ 28 అసలు ఖర్చు కాకుండా ముందే ఒప్పుకున్న ప్రామాణిక ఖర్చు అయి ఉండాలి. అసలు ఖర్చు అని రాసుకుంటే పెట్టెల షెడ్డులో పేపర్ వేస్టేజీ పెరిగి 30 అయినప్పుడు ఆ 2 రూపాయలు పచ్చళ్ల మీదకు పోతాయి. ఎవరి అజాగ్రత్త వాళ్ల రిపోర్టులోనే కనపడాలి. పేపర్ మార్కెట్ ధరే మారితే అది వేరు. దానికి మూడు నెలలకోసారి సవరించుకునేలా ఒక వాక్యం రాసుకుంటే సరి.

ఎప్పుడు మళ్లీ కట్టాలి

ఈ లెక్క మిషన్లు ఖాళీగా ఉన్నన్నాళ్లే. బయటి అమ్మకం 80,000 దాటిన రోజున 20,000 ఇవ్వడానికి చోటు చాలదు, లోపలికి ఇచ్చే చివరి పెట్టెలకు 9 రూపాయలు వచ్చి చేరుతుంది. బయటి గిరాకీయే లక్షకు చేరితే అన్నిటికీ కనిష్ఠం 37. అప్పుడు 36కి బయట కొనుక్కోమని పంపడమే సరైన నిర్ణయం, నిన్నటిదాకా అది తప్పు అయినా సరే. అందుకే ఏడాది ఒప్పందం రాసేటప్పుడు ధరతో పాటు ఎన్ని పెట్టెలు, బయటి అమ్మకం ఎంత దాటితే మళ్లీ కూర్చోవాలి అన్నవి కూడా రాయాలి. మన కేసులో రాయాల్సిన అంకె 80,000.

రెండు విభాగాలూ ఒకే రాష్ట్రంలో ఒకే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కింద ఉంటే ఇదంతా లోపలి పుస్తకాల వ్యవహారం. పెట్టెల షెడ్డు తెలంగాణలో, పచ్చళ్ల షెడ్డు ఆంధ్రప్రదేశ్‌లో ఉంటే కంపెనీ ఒకటే అయినా రిజిస్ట్రేషన్లు రెండు. అప్పుడు ట్యాక్స్ ఇన్వాయిస్ తప్పదు. కొనేవైపు పూర్తి క్రెడిట్ దొరికే పక్షంలో ఇన్వాయిస్‌లో వేసిన విలువనే మార్కెట్ విలువగా ఒప్పుకుంటామని సీజీఎస్టీ నిబంధన 28 చెబుతుంది, కాబట్టి 28 లేదా 32 వేయడానికి అడ్డు ఉండదు. పూర్తి క్రెడిట్ రాని చోట, లేదా అవతలిది విదేశంలోని అనుబంధ కంపెనీ అయితే, ఈ లెక్కతో వచ్చిన ధరను నేరుగా బిల్లులో వేయకండి. అక్కడ పన్ను చట్టం అడిగే ధర వేరు, దాన్ని మీ ఆడిటర్‌తో తేల్చుకోవాలి.

మీ కంపెనీలో ఈ తప్పు జరుగుతోందేమో చూడాలంటే రెండు రిపోర్టులు పక్కపక్కన పెట్టండి. ఒకటి కొనుగోళ్ల రిజిస్టరు, రెండోది మిషన్లు నడిచిన గంటల లాగ్ బుక్. మనం లోపల చేయగలిగిన సరుకే బయటి నుంచి వస్తున్న నెలలో, ఆ మిషను ఎదురుగా "ఆర్డర్ లేదు" అని రాసున్న గంటలు కనిపిస్తే, అక్కడి నుంచి లెక్క మొదలుపెట్టండి.